నోట్లో నానిన పేరు: అది చెరిగిపోయిందా, అడ్డు తగిలిందా, దారి దొరకలేదా?

ప్రశ్న: సార్, నేను ఎమ్మే సైకాలజీ దూరవిద్యలో చదువుతున్నాను. మరపుకు మా పుస్తకంలో క్షయం, అవరోధం, పునఃప్రాప్తి వైఫల్యం అని మూడు సిద్ధాంతాలు ఇచ్చారు. మొన్న శ్రీకాకుళం నుంచి వచ్చిన మా మేనల్లుడిని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తుంటే, ఆటోలో వాడు అక్కడి సబ్‌మెరైన్ పేరేమిటని అడిగాడు. నాన్నగారు డాక్‌యార్డులో చేసేవారు, ఆ పేర్లన్నీ చిన్నప్పటి నుంచి విన్నవే. నోట్లో నానుతోంది గానీ పైకి రాదు. ‘క’తో మొదలవుతుందని తెలుసు, మూడక్షరాలని తెలుసు. కర్నూలు, కరంజ్, కల్వరి అని ఏవేవో వచ్చాయి. దిగి బోర్డు మీద ‘కుర్సురా’ అని చూసేవరకూ రాలేదు. ఇది ఆ మూడింటిలో ఏ సిద్ధాంతం కిందికి వస్తుంది? పరీక్షలో ఏమని రాయాలి?

సమాధానం:

అమ్మా, ఆటోలో మీకు ఎదురైన ఆ అరనిమిషాన్ని ఈ మూడు సిద్ధాంతాలలో ఏదో ఒకదాని కింద వేసి సరిపెట్టడం సాధ్యం కాదు. ఎందుకంటే ఆ మూడూ ఒకే ప్రశ్నకు చెప్పిన మూడు జవాబులు కావు. క్షయ సిద్ధాంతం నిల్వ ఉన్న స్మృతికి ఏమయిందో చెబుతుంది. అవరోధ సిద్ధాంతం ఆ స్మృతికి పోటీగా ఏవి నిలిచాయో చెబుతుంది. పునఃప్రాప్తి వైఫల్యం అనేది, స్మృతి ఉండి కూడా ఆ క్షణంలో చేతికి అందలేదని చెబుతుంది, అంతేగాని ఎందుకు అందలేదో తనంతట తాను చెప్పదు. పుస్తకాలు ఈ మూడింటినీ ఒకే వరుసలో అంకెలు వేసి ఇస్తాయి గనుక విద్యార్థులు వీటిని పోటీదారులుగా భావిస్తారు. నేను పాఠం చెప్పిన ఇన్నేళ్లలో జవాబు పత్రాలలో ఎక్కువగా కనిపించిన పొరపాటు ఇదే.

క్షయంతో మొదలుపెడదాం. వాడకుండా వదిలేసిన స్మృతి చిహ్నం కాలం గడిచేకొద్దీ పలచబడి చివరకు చెరిగిపోతుందన్నది ఈ సిద్ధాంతం చెప్పే మాట. దీనికి రుజువుగా అందరూ 1885లో ఎబింగ్‌హాస్ ప్రచురించిన విస్మృతి రేఖను చూపిస్తారు. ఆయన అర్థంలేని పదాంశాల జాబితాలను తానే కంఠస్థం చేసి, కొంత వ్యవధి తరువాత వాటిని మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారి కంటే ఎంత శ్రమ తగ్గిందో కొలిచారు. 20 నిమిషాల తరువాత సుమారు 58 శాతం, ఒక రోజు తరువాత సుమారు 34 శాతం, 31 రోజుల తరువాత సుమారు 21 శాతం శ్రమ ఆదా అయింది. మొదట నిట్టనిలువుగా పడిపోయి, తరువాత దాదాపు చదునుగా సాగే రేఖ అది. అయితే ఆ రేఖ మరపు ఎంత వేగంగా జరుగుతుందో చూపిస్తుందే తప్ప ఎందుకు జరుగుతుందో చూపించదు. పైగా ఆయన కొలిచినది పొదుపును. అంటే తలుచుకుంటే నోటికి రాని జాబితా కూడా రెండోసారి తేలికగా వచ్చిందంటే, అది పూర్తిగా చెరిగిపోలేదన్న సాక్ష్యం క్షయవాదులు చూపించే ఆ రేఖలోనే దాగి ఉంది.

1932లో మెక్‌గియోక్ ఈ సిద్ధాంతం మీద వేసిన ఆక్షేపణ ఇప్పటికీ బలమైనదే. ఇనుము తుప్పు పట్టడానికి సమయం పడుతుంది, కానీ తుప్పుకు కారణం సమయం కాదు, ఆ సమయంలో జరిగే ఆక్సీకరణం. సముద్రపు గాలికి కిటికీ ఊచలు ఏమవుతాయో చూసిన మన విశాఖవాసులకు ఈ ఉపమానం వేరే వివరించనక్కరలేదు. అదే దూరంలో ఉన్న రెండు ఊచలలో రంగు వేసినది నిలుస్తుంది, వేయనిది పొట్టు రాలుతుంది. గడిచిన కాలం రెండింటికీ ఒక్కటే. అలాగే నేర్చుకోవడానికీ, తలుచుకోవడానికీ మధ్య గడిచిన గంటలు ఒకటే అయినా, ఆ గంటలలో ఏం జరిగిందన్నది వేరు కావచ్చు.

దీన్ని పరీక్షించినవారు 1924లో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్. ఇద్దరే ఇద్దరు విద్యార్థులకు పది పదాంశాల జాబితాలు నేర్పి, 1, 2, 4, 8 గంటల తరువాత అడిగారు. నేర్చుకున్న వెంటనే నిద్రపోయినప్పుడు ఎనిమిది గంటల తరువాత కూడా వారికి సగం వరకూ గుర్తున్నాయి. అదే ఎనిమిది గంటలు మేలుకొని తమ పనులు చేసుకున్నప్పుడు మిగిలినది చాలా తక్కువ. గడిచిన కాలం సమానం, మరపు సమానం కాదు. కాబట్టి మరపు కాలం వల్ల కాదు, మధ్యలో వచ్చిపడిన అనుభవాల వల్ల అని వారు తేల్చారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నిద్ర ఊరికే ఖాళీగా గడిచే సమయం కాదని, ఆ సమయంలో కొత్త స్మృతి గట్టిపడే పని కూడా జరుగుతుందని తరువాతి పరిశోధనలు చూపించాయి. అందువల్ల ఈ ప్రయోగాన్ని ‘క్షయం తప్పు, అవరోధం ఒప్పు’ అనడానికి తిరుగులేని రుజువుగా రాయకండి. కాలం ఒక్కటే చాలదని అది చూపించింది, అంతవరకే.

అవరోధం రెండు వైపుల నుంచి వస్తుంది. కొత్తగా నేర్చుకున్నది పాతదానికి అడ్డు తగిలితే తిరోగామి అవరోధం, పాతది కొత్తదానికి అడ్డు తగిలితే పురోగామి అవరోధం. గాజువాక నుంచి మద్దిలపాలెంకు ఇల్లు మారినవారు కొత్త పిన్‌కోడ్ రాయబోయి పాతది రాయడం రెండో రకం. ఏడాది తరువాత పాతది ఎవరైనా అడిగితే తడుముకోవడం మొదటి రకం. అడ్డుపడేది ఏది, దెబ్బతినేది ఏది అని రెండు ప్రశ్నలు వేసుకుంటే ఈ పేర్లు తారుమారు కావు. వీటిలో పురోగామి అవరోధం ఎంత బలమైనదో చాలాకాలం ఎవరూ గమనించలేదు. 1957లో అండర్‌వుడ్ అంతకు ముందు ప్రచురితమైన ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒకే జాబితా నేర్చుకున్నవారు మర్నాటికి దాదాపు పాతిక శాతమే మరచిపోతే, అదే ప్రయోగశాలలో అంతకు ముందే పదిహేను, ఇరవై జాబితాలు నేర్చుకొని ఉన్నవారు చివరి జాబితాలో దాదాపు 75 శాతం మరచిపోయారని తేలింది. ఎబింగ్‌హాస్ అంత వేగంగా మరచిపోవడానికి ఒక ప్రధాన కారణం కూడా దీంతో తెలిసింది: ఆయన తల నిండా అప్పటికే లెక్కలేనన్ని పదాంశాలున్నాయి.

ఇప్పుడు అసలు మలుపు. అవరోధానికి గురైన స్మృతి నిజంగా దెబ్బతిన్నదా, లేక ఉన్నచోటనే ఉండి కనిపించడం మానేసిందా? 1971లో టుల్వింగ్, సోట్కా చేసిన ప్రయోగం ఈ ప్రశ్ననే అడిగింది. ఒక్కో జాబితాలో 24 పదాలు, అవి ఆరు వర్గాలుగా, వర్గానికి నాలుగు చొప్పున. మన మాటల్లో చెప్పాలంటే నాలుగు చేపలు, నాలుగు పూలు, నాలుగు పనిముట్లు ఇలా అనుకోండి. కొందరికి ఒకే జాబితా, మరికొందరికి రెండు, ఇంకొందరికి ఆరు వరకూ నేర్పారు. చివరకు గుర్తున్నవన్నీ చెప్పమంటే, మధ్యలో నేర్చుకున్న జాబితాలు పెరిగేకొద్దీ మొదటి జాబితాలోని పదాలు తగ్గిపోయాయి. ఇంతవరకూ ఇది పాఠ్యపుస్తకంలోని తిరోగామి అవరోధమే. తరువాత వర్గాల పేర్లు మాత్రం చెప్పి మళ్లీ అడిగారు. అప్పుడు అందరూ, ఎన్ని జాబితాలు నేర్చుకున్నవారైనా సరే, సుమారు 70 శాతం పదాలు చెప్పగలిగారు. అవరోధం వల్ల పోయాయనుకున్న పదాలు ‘చేపలు’ అన్న ఒక్క మాటతో తిరిగివచ్చాయంటే, అవరోధం పాడుచేసినది పదాన్ని కాదు, పదం దగ్గరికి చేరే దారిని. స్మృతి ఉండటం వేరు, అందుబాటులో ఉండటం వేరు అని టుల్వింగ్ 1966లోనే పెర్ల్‌స్టోన్‌తో కలిసి చెప్పిన మాటకు ఇది గట్టి ఆధారం. అవరోధం చాలా సందర్భాలలో కారణం అయితే పునఃప్రాప్తి వైఫల్యం దాని ఫలితం. ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టకూడదని నేను మొదట్లో అన్నది అందుకే.

ఇక ఆటోలోకి వద్దాం. మీ అనుభవాన్ని ప్రయోగశాలలోకి తెచ్చినవారు 1966లో హార్వర్డ్‌లో బ్రౌన్, మెక్‌నీల్. అరుదుగా వాడే 49 మాటల నిర్వచనాలను విద్యార్థులకు చదివి వినిపించి, ఆ మాట ఏదో చెప్పమన్నారు. ఉదాహరణకు, ఓడ మీద నుంచి సూర్యుడు, నక్షత్రాలు ఎంత ఎత్తున ఉన్నాయో కోణాలలో కొలిచే పరికరం. దీనికి జవాబు సెక్స్‌టెంట్. ఎవరికైనా మాట నోట్లో నానుతూ రాకపోతే, వెంటనే ఆ మాట మొదటి అక్షరమేమిటి, ఎన్ని పదాంశాలు, దానిలాగే వినిపించే మాటలేవి తోస్తున్నాయి, అర్థంలో దగ్గరి మాటలేవి తోస్తున్నాయి అని రాయించారు. మాట రాని స్థితిలో కూడా మొదటి అక్షరాన్ని 57 శాతం సందర్భాలలో సరిగా చెప్పారు. పదాంశాల లెక్క కూడా గుడ్డి ఊహ కంటే చాలా మెరుగ్గా కుదిరింది. తోసిన తప్పు మాటలలో అర్థంలో దగ్గరివాటి కంటే శబ్దంలో దగ్గరివే ఎక్కువ.

మీరు రాసిన వివరాలను దీని పక్కన పెట్టి చూడండి. ‘క’ అని తెలుసు, మూడక్షరాలని తెలుసు. కుర్సురా అన్న మాటలో నిజంగానే మూడక్షరాలున్నాయి. మీకు తోసిన కర్నూలులో కూడా మొదటి అక్షరం ‘క’ గుణింతంలోనిదే, దాని తరువాత రేఫతో కూడిన సంయుక్తాక్షరమే, మొత్తం మూడక్షరాలే. ఛందస్సు తెలిసినవారి భాషలో చెప్పాలంటే రెండింటికీ మొదటిది గురువే, తేడా తరువాతి రెండింటిలో ఉంది: కర్నూలు తగణం, కుర్సురా రగణం. అంటే మాట తాలూకు పూర్తి శబ్దం రాలేదు గానీ దాని ముఖద్వారం మాత్రం వచ్చింది. కర్నూలుకూ జలాంతర్గామికీ అర్థంలో ఏ సంబంధమూ లేదు, కాబట్టి అది శబ్దం దారిన వచ్చిందే. కరంజ్, కల్వరి మరో దారిన వచ్చాయి. అవి కుర్సురాతో పాటు మన నౌకాదళంలో ఒకే తరగతికి చెందిన జలాంతర్గాముల పేర్లు. ఖండేరితో కలిపి ఆ నాలుగూ క, ఖలతోనే మొదలవుతాయి. శబ్దమూ అర్థమూ రెండు వైపుల నుంచీ పోటీపడే పేర్లు ఇంత చక్కగా సమకూరడం అరుదు. నేనింకా పాఠాలు చెబుతూ ఉంటే ఈ ఉదాహరణను మీ దగ్గర అరువు తెచ్చుకునేవాణ్ని.

ఈ స్థితి క్షయ సిద్ధాంతపు కఠిన రూపాన్ని అక్కడికక్కడే కొట్టివేస్తుంది. చెరిగిపోయిన పేరుకు మొదటి అక్షరం మిగలదు, ఎన్ని అక్షరాలో తెలియదు, బోర్డు మీద చూడగానే ‘అదే’ అన్న నిశ్చయం కలగదు. తోసినవాటిని ‘ఇది కాదు’ అని వెంటవెంటనే తోసిపుచ్చగలగడమే సరైన మాట లోపల ఉందనడానికి ఆధారం. లేని తూకపురాయితో దేన్నీ తూచలేము గదా.

అయితే కరంజ్, కల్వరి అడ్డుపడడం వల్లనే కుర్సురా రాలేదా? అనుభవానికి అలాగే అనిపిస్తుంది, చాలామంది పరిశోధకులు కూడా అలాగే అనుకున్నారు. 1989లో జోన్స్ నిర్వచనంతో పాటు దానిలాగే వినిపించే మరో మాటను ఇచ్చినప్పుడు ఇలాంటి స్థితులు ఎక్కువయ్యాయని చూపి, పోటీ మాటే అడ్డుగోడ అన్నారు. 1992లో మేయర్, బాక్ ఆ ప్రశ్నలను మళ్లీ పరిశీలించగా, శబ్దంలో దగ్గరి మాటలు జతచేసిన ప్రశ్నలే మొదటి నుంచీ తడబాటు కలిగించే రకమని తేలింది. ఆ తేడాను సరిచేశాక, దగ్గరి శబ్దం అడ్డుపడకపోగా సాయమే చేసింది. కాబట్టి నా అభిప్రాయం ఇది: కర్నూలు అడ్డంకి కాదు, లక్షణం. తలుపు సగం తెరుచుకుంది గనుక ఆ సందులోంచి అది బయటికి వచ్చింది. కరంజ్, కల్వరి విషయంలో మాత్రం నేను అంత ఖాయంగా చెప్పను, ఎందుకంటే అవి అదే ప్రశ్నకు జవాబులు కాదగినవి. ‘ఆ తరగతి జలాంతర్గామి పేరు’ అన్న ఒకే సూచనకు నాలుగు పేర్లు కట్టివేసి ఉన్నాయి. ఒకే సూచనను ఎక్కువ పేర్లు పంచుకునేకొద్దీ ఒక్కొక్కదానికి దాని బలం తగ్గుతుందన్నది అవరోధ పరిశోధనలో గట్టిగా నిలిచిన విషయం.

మరి అడ్డు లేకపోతే ఎందుకు రాలేదు? ఇక్కడ విచిత్రంగా, బయటికి పంపిన క్షయం దొడ్డిదారిన మళ్లీ లోపలికి వస్తుంది. 1991లో బర్క్, ఆమె సహచరులు ఇచ్చిన వివరణ ప్రకారం మాట అర్థం ఒకచోట, దాని శబ్దాలు మరోచోట ఉండి వాటిని కలిపే బంధాలు ఉంటాయి. ఒక మాటను ఎంతకాలం పలకకుండా ఉంటే ఆ బంధాలు అంత బలహీనపడతాయి, వయసుతో కూడా బలహీనపడతాయి. అర్థం వైపు పూర్తిగా వెలుగుతుంది, కానీ ఆ వెలుగు శబ్దం వరకూ చాలినంత చేరదు. బీచ్ రోడ్డున వెళ్లే ప్రతిసారీ మీరు ఆ జలాంతర్గామిని చూస్తూనే ఉంటారు. 2002లో ప్రదర్శనశాలగా మారినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. చూడడం అర్థం వైపు బంధాలను నిలుపుతుంది. కానీ ఊళ్లో మాట్లాడుకునేటప్పుడు మనమంతా దాన్ని ‘సబ్‌మెరైన్’ అనే అంటాం. కుర్సురా అని నోటితో పలికి మీకెన్నాళ్లయిందో ఆలోచించండి. ఇక్కడ క్షీణించినది స్మృతి కాదు, అర్థానికీ శబ్దానికీ నడుమ ఉన్న ఒక బంధం. క్షయానికి ఇంత ఇరుకైన చోటు ఇస్తే దానితో నాకు పేచీ లేదు.

పేర్లే ఎక్కువగా ఇలా ఎందుకు నానుతాయో కూడా ఇదే వివరణ చెబుతుంది. ఒకాయన వృత్తి కరణమని చెబితే భూమి లెక్కలు, దస్తరాలు, పాతకాలపు పల్లె ఇవన్నీ ఆ మాటకు దారులవుతాయి. ఆయన ఇంటిపేరు కరణమని చెబితే ఆ దారులేవీ ఆయన దగ్గరికి రావు. ఒకే మాటను ముఖానికి వృత్తిగా జతచేస్తే పేరుగా జతచేసినప్పటి కంటే బాగా గుర్తుంటుందని 1987లో చేసిన ప్రయోగం చూపించింది. జలాంతర్గామి ఏం చేస్తుందో మీ మేనల్లుడికి ఎంతసేపైనా చెప్పగలరు, కుర్సురా అన్న మూడక్షరాలకు మాత్రం ఒకటే సన్నని దారం.

సమాధానంలో దీన్ని రాసేటప్పుడు ‘ఏ సిద్ధాంతం’ అని కాక, ‘ఏ ఆధారంతో’ అని రాయండి. ఒక విషయం గుర్తురాలేదన్నప్పుడు మొదట ఏ సూచనా లేకుండా అడగాలి. రాకపోతే వర్గాన్నో మొదటి అక్షరాన్నో ఇవ్వాలి. అప్పటికీ రాకపోతే నాలుగు పేర్లు చూపి గుర్తించమనాలి. అదీ కుదరకపోతే మళ్లీ నేర్పి, పూర్తిగా కొత్త విషయం కంటే తక్కువ ప్రయత్నాలలో వచ్చిందేమో చూడాలి. ఏ మెట్టు దగ్గర బయటపడినా అది పునఃప్రాప్తి వైఫల్యమే. అన్ని మెట్లూ దాటినా రానప్పుడు కూడా చెరిగిపోయిందని కచ్చితంగా అనలేము, సరైన సూచన ఇంకా ఇవ్వలేదేమో. క్షయ సిద్ధాంతాన్ని రుజువు చేయడం ఇంత కష్టం కావడానికి కారణం ఇదే. పునఃప్రాప్తి వైఫల్యం అన్న మాటను ప్రతి మరపుకూ అంటగట్టడం ఇంత సులభం కావడానికీ కారణం ఇదే. రెండో ప్రమాదం గురించి పాఠ్యపుస్తకాలు సాధారణంగా హెచ్చరించవు, మీరు ఒక వాక్యం రాస్తే దిద్దేవారి దృష్టిలో పడుతుంది.

మీరు అడగలేదు గానీ ఒక సంగతి చెప్పాలి. ఆటో దిగేవరకూ ఆ పేరు కోసం తంటాలు పడ్డారు గదా, అది మీకు మేలు చేసి ఉండదు. 2008లో వారినర్, హంఫ్రీస్ ఇలా తడుముకుంటున్నవారిని 10 సెకన్లో 30 సెకన్లో అలాగే ఉంచి, ఆ తరువాత జవాబు చెప్పారు. రెండు రోజుల తరువాత అవే ప్రశ్నలు వేస్తే, 30 సెకన్లు తడుముకున్న మాటల దగ్గరే మళ్లీ ఎక్కువగా తడబడ్డారు. తడబాటు కూడా ఒక అభ్యాసమేనన్నది వారి వ్యాఖ్య. చివరకు బోర్డు చదివి తెలుసుకున్నారు గనుక, మీ మేనల్లుడు తిరిగి వెళ్లేలోపు అతడితో మాట్లాడుతూ ఆ పేరును రెండుమూడు సార్లు పైకి పలకండి. బలహీనపడినది శబ్దానికి వెళ్లే బంధం గనుక, మనసులో అనుకోవడం కంటే నోటితో పలకడం దానికి సూటిగా తగులుతుంది.

ప్రాజెక్టు కోసం దీన్నే చిన్న ప్రయోగంగా చేయాలనుకుంటే, తోటి విద్యార్థులు పదిహేను మందికి ఊరికి సంబంధించిన ముప్పై నిర్వచనాలు తయారుచేయండి: కొండల పేర్లు, చేపల పేర్లు, పాత ఓడల పేర్లు, మూతపడిన సినిమా హాళ్ల పేర్లు. నోట్లో నానుతోందన్నవారితో మొదటి అక్షరం, అక్షరాల సంఖ్య, తోసిన తప్పు మాటలు రాయించండి. ఆ తరువాతే నాలుగు పేర్లు చూపించండి, ఎందుకంటే వారు మనసులో వెతికినది మీరడిగిన పేరే కావాలని లేదు. వేరే పేరు కోసం వెతికినవారి కాగితాలను విడిగా తీసిపెట్టకపోతే మొదటి అక్షరాల లెక్కంతా తప్పుతుంది. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టినప్పుడు జవాబులు కాగితం మీదే రాయమనండి. ఎవరో ఒకరు ఉత్సాహం ఆపుకోలేక పైకి అనేస్తే ఆ నిర్వచనం వరకూ గదిలోని మిగతావారి కాగితాలన్నీ పనికిరాకుండా పోతాయి.